2028-29లో శనివారం పేమెంట్లు 52 ఆ, 53 ఆ? ఒక్క వారం ఎక్కువెందుకు వస్తుంది

మడికొండ_క్యాషు
అందరికీ నమస్తే. మాది మడికొండ ఇండస్ట్రియల్ ఏరియాల చిన్న ఫ్యాక్టరీ. నలభై మంది వర్కర్లు, ఆదివారం సెలవు, ప్రతి శనివారం సాయంత్రం వారం కూలి. వారానికి మొత్తం 1,80,000 అనుకోండ్రి. బ్యాంకు లోను కోసం మూడేళ్ల అంచనా అడిగిండ్రు. 2028-29 కాలంల క్యాలెండర్ ముందట పెట్టుకొని శనివారాలు లెక్కపెడితే 53 వస్తున్నయి. ఎక్సెల్‌ల మొదటి శనివారం, చివరి శనివారం తేడా తీసి 7తోని భాగిస్తే 52 వస్తున్నది. ఏది కరెక్టు? 53 అయితే ఆ ఏడాది కూలి ఖర్చు 1,80,000 ఎక్కువ చూపాలె గదా?

ఓరుగల్లు_పోరడు
అన్నా, సింపుల్. లీపు సంవత్సరంల ఒక రోజు ఎక్కువ ఉంటది, అందుకే 53. 2028 లీపు సంవత్సరమే. మిగతా ఏండ్లల్ల 52 పెట్టుకో, అయిపాయె.

అకౌంట్స్_అక్క_హన్మకొండ
పోరడు తమ్మీ, సగం కరెక్టు. లీపు లేకున్నా 53 వస్తుంది.

మామూలు సంవత్సరం 365 రోజులు. 52 వారాలంటే 364. ఒక్క రోజు మిగులుతుంది. అంటే ఏడాది సోమవారమో శనివారమో ఏ రోజుతో మొదలైతే అదే రోజుతో ముగుస్తుంది, ఆ ఒక్క రోజు 53 సార్లు వస్తుంది, మిగతా ఆరూ 52 సార్లే. 366 రోజుల ఏడాదిలో రెండు రోజులు మిగులుతాయి కాబట్టి ఏడాది మొదలైన రోజుకూ దాని తర్వాతి రోజుకూ 53 వస్తుంది. లీపు చేసే పని అంతే: ఒకరికి బదులు ఇద్దరికి అవకాశం ఇస్తుంది.

మన లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఫిబ్రవరి 29, 2028 పడేది 2027-28లో, 2028-29లో కాదు. 2027 ఏప్రిల్ 1 గురువారం. అందుకని ఆ 366 రోజుల ఏడాదిలో 53 సార్లు వచ్చేవి గురువారం, శుక్రవారం. శనివారం కూలి ఇచ్చే వాళ్లకు ఆ లీపుతో ఏ సంబంధమూ లేదు. వాళ్లకు 52 మాత్రమే. 2028 ఏప్రిల్ 1 శనివారం, 2029 మార్చి 31 కూడా శనివారం. 365 రోజుల మామూలు ఏడాదే, కానీ మీకు 53.

ఎక్సెల్‌లో 52 ఎందుకు వచ్చిందంటే, మొదటి శనివారం నుంచి చివరి శనివారానికి 364 రోజులు, ఏడుతో భాగిస్తే 52. అది మధ్యలో ఉన్న వారాల సంఖ్య. పేమెంట్లు దానికంటే ఒకటి ఎక్కువ, మొదటి పేమెంటును కూడా కలపాలి కదా. నేరుగా శనివారాలు లెక్కపెట్టాలంటే A1లో ఏడాది మొదటి తేదీ, B1లో చివరి తేదీ వేసి ఇది రాయండి:

```
=NETWORKDAYS.INTL(A1,B1,"1111101")
```

ఆ ఏడు అంకెలు సోమవారం నుంచి ఆదివారం దాకా. సున్నా ఉన్న రోజునే లెక్కపెడుతుంది. శుక్రవారం పేమెంటు అయితే సున్నాను ఐదో చోటికి జరపండి.

మడికొండ_క్యాషు
అక్కా, థాంక్స్. పెట్టి చూసిన, 53 వచ్చింది. నెలల వారీగా పంచితే ఏప్రిల్, జులై, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి: ఈ ఐదింటిల ఐదేసి శనివారాలు, మిగతా ఏడింటిల నాలుగేసి. కూడితే 53 సరిపోయింది.

అకౌంట్స్_అక్క_హన్మకొండ
చూడటానికి అదే మంచి పద్ధతి. పన్నెండు నెలలకు నాలుగేసి చొప్పున 48. ఐదు వారాల నెలలు నాలుగుంటే 52, ఐదుంటే 53. అంతకు మించి రాదు, తగ్గదు. నెలవారీ క్యాషు ప్లాన్ వేసేటప్పుడు వార్షిక మొత్తాన్ని పన్నెండుతో భాగించొద్దు. అట్లా చేస్తే ఐదు వారాల నెలల్లో చేతిలో డబ్బు తక్కువ పడి, మిగతా నెలల్లో ఎక్కువ కనపడుతుంది. నాలుగు వారాల నెల 7,20,000, ఐదు వారాల నెల 9,00,000. అట్లనే రాయండి.

సిరిసిల్ల_సాంచె
మా దగ్గర ఇవన్నీ లేవు. పదిహేను రోజులకోసారి ఇస్తరు, ఒకటో తారీఖు, పదహారో తారీఖు. ఎప్పుడు లెక్కపెట్టినా 24. ఎక్కువ అయ్యేదే లేదు. మీరు 52, 53 అని ఎందుకు గొడవ పడ్తున్నరో అర్థం కాదు.

కరీంనగర్_గ్రానైట్
సాంచె అన్నా, మీది తారీఖు పట్టుకొని ఇచ్చేది, క్యాషు అన్నది వారం పట్టుకొని ఇచ్చేది. తారీఖు నెలతోని నడుస్తది, నెలలు ఎప్పుడూ పన్నెండే, అందుకే మీకు 24 మారదు. వారం మాత్రం నెలతోని గాని ఏడాదితోని గాని కలవది. మాది 14 రోజుల లెక్క, శనివారం తప్పించి శనివారం. మామూలుగా 26 వస్తయి. నా ప్రశ్న ఏందంటే, 53 శనివారాల ఏడాదంటే మాకు 27 అన్నట్టేనా?

ఓరుగల్లు_పోరడు
అవును, 53ను రెండుతోని భాగిస్తే 26న్నర, అంటే 27.

అకౌంట్స్_అక్క_హన్మకొండ
అట్లా కాదు తమ్మీ. శనివారం తప్పించి శనివారం ఇచ్చే వాళ్లు రెండు వరసల్లో ఉంటారు. ఒక వరస 2026 ఏప్రిల్ 4న ఇస్తుంది, ఇంకోటి ఏప్రిల్ 11న. ఇద్దరికీ ఎప్పటికీ తేదీలు కలవవు.

ఏప్రిల్ 4 వరస 14 రోజుల చొప్పున పోతే సరిగ్గా 2028 ఏప్రిల్ 1న వచ్చి నిలబడుతుంది. అక్కడి నుంచి 2029 మార్చి 31 దాకా పేమెంట్లు 27. ఏప్రిల్ 11 వరసకు ఆ ఏడాది మొదటి పేమెంటు ఏప్రిల్ 8, చివరిది మార్చి 24, మొత్తం 26. అదే ఏడాది, అదే శనివారం, కానీ ఒకరికి 27, మరొకరికి 26. ఏప్రిల్ 11 వరసకు 27 రావాలంటే 2034-35 దాకా ఆగాలి, వాళ్లకు అంతకు ముందు వచ్చింది 2023-24లో.

మీ దగ్గర గతంలో పేమెంటు ఇచ్చిన ఏదో ఒక తేదీ C1లో వేయండి. A1, B1 మామూలే.

```
=INT((B1-C1)/14)-INT((A1-1-C1)/14)
```

14 బదులు 7 వేస్తే వారం లెక్క కూడా ఇదే చెబుతుంది.

కరీంనగర్_గ్రానైట్
మాది ఏప్రిల్ 4 వరస. 27 చూపిస్తున్నది. మళ్లా ఎప్పుడు వస్తది ఇట్ల?

అకౌంట్స్_అక్క_హన్మకొండ
మీ వరసకు 2017-18లో వచ్చింది, 2028-29లో వస్తుంది, ఆ తర్వాత 2039-40. మధ్యలో 11 ఏండ్లు. చాలా ఆఫీసుల్లో ఒక క్యాషియర్ ఉద్యోగకాలంలో రెండు మూడు సార్లే చూస్తాడు, అందుకే వచ్చినప్పుడల్లా కొత్తగా కంగారు. 2039-40 మాత్రం వేరే రకం. అప్పుడు ఏప్రిల్ 1 శుక్రవారం, శనివారం ఏప్రిల్ 2. 2040 లీపు కాబట్టి ఏడాదిలో 366 రోజులున్నాయి, అందుకే రెండో తేదీన మొదలైనా మార్చి 31న చివరిది పడుతుంది. పోరడు తమ్ముడి లీపు మాట ఇక్కడ పనికొస్తుంది.

వారం పేమెంటు వాళ్లకైతే ఇది తరచుగా వస్తుంది. శనివారానికి 2017-18, 2023-24, 2028-29, 2034-35, 2039-40. ఐదు గానీ ఆరు గానీ ఏండ్లకోసారి, 28 ఏండ్లలో ఐదు సార్లు.

జమ్మికుంట_నగదు
ఒక మాట అడగాలె. 2028 ఏప్రిల్ 1 శనివారం అన్నరు. ఏప్రిల్ 1న బ్యాంకులు వార్షిక ఖాతాల ముగింపు అని కస్టమర్లకు బంద్ ఉంటయి. క్యాషు తెచ్చి ఇచ్చే వాళ్లు ఆ రోజు ఎట్ల ఇస్తరు?

మడికొండ_క్యాషు
అరే, ఇది నేను చూడలె. మా దగ్గర సగం మందికి క్యాషే.

అకౌంట్స్_అక్క_హన్మకొండ
మంచి పాయింటు, ఈ లెక్కలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. రెండు దారులున్నాయి.

ఒకటి, గురువారం గానీ శుక్రవారం గానీ క్యాషు డ్రా చేసి పెట్టుకొని, పంపకం మాత్రం శనివారం ఏప్రిల్ 1నే చేయడం. అప్పుడు వేతనాల రిజిస్టరులో తేదీ ఏప్రిల్ 1. 2028-29కి 53, 2027-28కి 52.

రెండోది, పంపకమే మార్చి 31 శుక్రవారానికి తెచ్చేయడం. అప్పుడు 53 అనేది 2027-28కి పోతుంది, 2028-29కి 52 మాత్రమే మిగులుతాయి. ఎక్సెల్ సూత్రానికి ఇది తెలియదు, అది శనివారాలనే లెక్కపెడుతుంది. అందుకే సూత్రం ఇచ్చిన అంకెను నమ్మే ముందు మొదటి, చివరి పేమెంటు తేదీలను మనిషి చూడాలి. మధ్యలో పండుగకు ఒక రోజు ముందుకు జరిగితే ఏ నష్టమూ లేదు. ఏడాది అంచున ఉన్న పేమెంటు జరిగితేనే సంఖ్య మారుతుంది.

మూడో దారి అని కొందరు సోమవారం ఏప్రిల్ 3కు నెడతారు. అది చేయకండి. వేతనాల కోడ్ 2019, 17వ సెక్షన్ ప్రకారం వారం కూలి ఆ వారం చివరి పనిదినాన, అంటే వారపు సెలవుకు ముందే ఇవ్వాలి. ముందుకు జరపొచ్చు, సెలవు దాటించొద్దు. రెండు వారాలకోసారి ఇచ్చే వాళ్లకు మాత్రం ఆ రెండు వారాలు ముగిసిన తర్వాత రెండో రోజు పూర్తయ్యేలోపు అని ఉంది, గ్రానైట్ వాళ్లకు ఆ కాస్త వెసులుబాటు ఉంది.

జమ్మికుంట_నగదు
ఆన్‌లైన్‌ల వేస్తే బ్యాంకు బంద్ ఏంది? నెఫ్ట్ ఇరవై నాలుగు గంటలు నడుస్తది. ఖాతాల వేసే సగం మందికి శనివారమే పోతది.

మడికొండ_క్యాషు
అప్పుడు ఖాతా వాళ్లకు ఏప్రిల్ 1, క్యాషు వాళ్లకు మార్చి 31 అయితే? నలభై మందిల సగానికి 53 ఈ ఏడాది, సగానికి పోయిన ఏడాది?

అకౌంట్స్_అక్క_హన్మకొండ
అట్లా చీలితే రిజిస్టరు చూసే ప్రతివాడూ ప్రశ్నిస్తాడు. అందరికీ ఒకటే తేదీ పెట్టండి. పైగా జీతాల ఫైలు అప్‌లోడ్ చేశాక ఇంకొకరు అప్రూవ్ చేయాలనే ఏర్పాటున్న చోట, శనివారం ఆ మనిషి లేకపోతే సోమవారానికి పోతుంది. సెలవుకు ముందు రోజే అప్రూవ్ చేయించి, విలువ తేదీ శనివారం పెట్టగలిగితే మేలు.

ఇప్పుడు మీరు అడిగిన రెండో ప్రశ్నకు వస్తాను, బ్యాంకుకు ఖర్చు 1,80,000 ఎక్కువ చూపాలా అని. చూపొద్దు. ఇది చాలామంది పొరపాటు పడే చోటు.

పేమెంటు ఎప్పుడిచ్చారనేది వేరు, పని ఎప్పుడు జరిగిందనేది వేరు. ఏప్రిల్ 1, 2028న ఇచ్చే 1,80,000 ఏ పనికి? మార్చి 27 సోమవారం నుంచి ఏప్రిల్ 1 శనివారం దాకా. ఆరు పనిదినాలు, రోజుకు 30,000. అందులో ఐదు రోజులు మార్చిలోవి. అంటే 1,50,000 పోయిన ఏడాది ఖర్చు. మార్చి 31, 2028న పుస్తకాల్లో చెల్లించాల్సిన కూలి అని 1,50,000 నిలబెట్టాలి. ఏడాది చివర మార్చి 31, 2029 శనివారం కాబట్టి అదే రోజు అంతా ఇచ్చేస్తారు, బాకీ ఏమీ మిగలదు.

అప్పుడు 2028-29 ఖర్చు: 53 పేమెంట్లు 95,40,000. అందులోంచి పాత ఏడాదివి 1,50,000 తీసేస్తే 93,90,000. రోజుల్లో చెబితే 365లో 52 ఆదివారాలు పోను 313 పనిదినాలు, రోజుకు 30,000. అదే అంకె.

ఇప్పుడు 52 పేమెంట్లే ఉన్న 2027-28 చూడండి. ఇచ్చింది 93,60,000. మొదట్లో మార్చి 31, 2027 బుధవారం, సోమ మంగళ బుధ మూడు రోజుల కూలి 90,000 పాత ఏడాదిది, అది తీసేయాలి. చివర్లో పైన చెప్పిన 1,50,000 కలపాలి. 94,20,000 వస్తుంది. 366లో 52 ఆదివారాలు పోను 314 రోజులు.

అంటే 52 పేమెంట్ల ఏడాది ఖర్చే, 53 పేమెంట్ల ఏడాది ఖర్చు కంటే 30,000 ఎక్కువ. పండుగ సెలవులు నేను లెక్కలోకి తీసుకోలేదు, మీ ఫ్యాక్టరీ పద్ధతిని బట్టి తగ్గించుకోండి.

ఓరుగల్లు_పోరడు
ఇది ఉల్టా ఉన్నదక్కా! 53 ఉన్న ఏడు తక్కువా?

అకౌంట్స్_అక్క_హన్మకొండ
ఖర్చులో తక్కువ, చేతిలోంచి పోయే డబ్బులో ఎక్కువ. రెండూ నిజమే. అందుకే బ్యాంకుకు ఇచ్చే లాభనష్టాల అంచనాలో 93,90,000 రాయండి, క్యాషు అంచనాలో 95,40,000 రాయండి. శుక్రవారం మార్చి 31నే పంచితే క్యాషు అంకెలు రెండేండ్ల మధ్య అటు ఇటు అవుతాయి, ఖర్చు అంకెలు మాత్రం కదలవు. మార్చి 31నే ఇచ్చినప్పుడు శనివారం పని ఇంకా జరగలేదు కాబట్టి 30,000 ముందస్తు చెల్లింపుగా చూపాలి, అది ఒక్కటే తేడా.

మడికొండ_క్యాషు
ఇది అర్థమైంది. మా ఆడిటర్ దగ్గర ఈ లెక్కే పెడ్త. ఇంకొక్కటి. మా దగ్గర ఇద్దరు సూపర్‌వైజర్లకు ఏడాదికి ఇంత అని మాట్లాడుకున్నం, 2,34,000. వారానికి 52తోని భాగించి 4,500 ఇస్తున్నం. 53వ వారం ఇస్తే 2,38,500 అయితది. ఓనరు 53తోని భాగియ్యమంటడు, సూపర్‌వైజర్లు ఒప్పుకుంటలేరు.

కరీంనగర్_గ్రానైట్
మాకూ ఇదే వస్తది, 27తోని. మా మేనల్లుడు ఆస్ట్రేలియాల ఉంటడు, అక్కడ రెండు వారాల జీతాలు మామూలు. 27 వచ్చిన ఏడు ట్యాక్స్ కొంచెం ఎక్కువ పట్టించుకొమ్మని ట్యాక్స్ ఆఫీసే పట్టిక ఇస్తదట, లేకుంటే ఏడాది ఆఖరున బాకీ పడ్తదని. జీతం తగ్గించుడు గురించి మాత్రం ఏం చెప్పలె.

జమ్మికుంట_నగదు
53తోని భాగిస్తే వారానికి 4,415 చిల్లర వస్తది. 85 తక్కువ. ఒక్క ఏడు తగ్గించి మళ్లా పెంచుడంటే మనిషి మనసు విరుగుతది. ఇచ్చేయండ్రి, పోయేది ఒక్కొక్కరికి 4,500.

అకౌంట్స్_అక్క_హన్మకొండ
మాట్లాడుకున్నది కాగితం మీద ఎట్లా రాసి ఉందో చూడాలి. "ఏడాదికి 2,34,000" అనే రాసి ఉంటే ఓనరు వాదనకు బలముంది. "వారానికి 4,500" అని ఉంటే 53వ వారం ఇవ్వాల్సిందే, ఆ వారం కూడా పనిచేశారు కాబట్టి. నోటి మాట అయితే గతంలో 2023-24లో ఏం చేశారో రిజిస్టరు తీయండి. ఆ ఏడు కూడా శనివారాలు 53, ఆ ఏప్రిల్ 1 కూడా శనివారమే.

ఇంకో లెక్క ఉంది. ఏడాదికి సగటున 365.25 రోజులు, అంటే వారాలు 52.18. 52తో భాగించినప్పుడే వారం రేటు కొంచెం ఎక్కువ పడింది. 52.18తో భాగిస్తే 4,485 దగ్గర వస్తుంది. ఆ రేటుతో 53 వచ్చినా 52 వచ్చినా ఏమీ మార్చకుండా ఇస్తూ పోతే చాలా ఏండ్ల సగటులో 2,34,000 కలుస్తుంది. అమెరికా ఫెడరల్ ఉద్యోగులకు గంట రేటు తీసేటప్పుడు ఏడాది జీతాన్ని 2,080తో కాకుండా 2,087 గంటలతో భాగించేది ఇందుకే. కానీ ఇప్పటికే 4,500 తీసుకుంటున్న మనిషికి 15 తగ్గించడం కష్టం, కొత్తగా చేరే వాళ్లకు పెట్టుకోవచ్చు.

మడికొండ_క్యాషు
2023-24 రిజిస్టరు తీసిన. ఏప్రిల్ 1న అందరికీ ఇచ్చినట్టు ఉన్నది, సూపర్‌వైజర్లకు ఆ ఏడు 53 సార్లు అదే రేటు పడ్డది. అప్పటి ఓనరు ఇప్పటి ఓనరు నాయన.

జమ్మికుంట_నగదు
ఇంకేముంది, ఆ పేజీ ఫోటో తీసి చూపియ్యి.

మడికొండ_క్యాషు
చూపిస్త. అప్పుడు రేటు తక్కువుండె అంటడేమో చూడాలె.

సిరిసిల్ల_సాంచె
ఇంత లెక్కా? మా సేటుకు చెప్తే ఒకటో తారీఖు, పదహారే నయమంటడు. అయితే అక్కా, మాకు ఫిబ్రవరి రెండో సగం 13 రోజులే, మార్చి రెండో సగం 16 రోజులు. పీసు లెక్క కాబట్టి మాకు తేడా రాదు, కానీ రోజు కూలి హెల్పర్లకు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడ్తుందని గొడవ. దానికి మార్గముందా?

అకౌంట్స్_అక్క_హన్మకొండ
హాజరు రోజులకే ఇస్తున్నారా, లేక ప్రతి సగానికి ఒకే మొత్తమా? హాజరుకే అయితే గొడవకు కారణం మొత్తంలో తేడా, రేటులో కాదు. స్లిప్పు మీద పనిదినాల సంఖ్య రాయండి. ఒకే మొత్తమైతే కొత్త పోస్టు పెట్టండి, అది వేరే లెక్క.